“బోర్డు మార్చారు”: ఎవరు? దేన్ని?

మన కాలేజీలో ఇంగ్లీషు లెటర్ రైటింగ్ అంటే ఏం నేర్పారో గుర్తుందా? “విత్ డ్యూ రెస్పెక్ట్” అని మొదలుపెట్టి, మధ్యలో “ఐ బెగ్ టు స్టేట్” అని, చివర్లో “కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్” అని ముగించడం. సెలవు చీటీకి అది సరిపోతుందేమో. పాడైపోయిన మిషను గురించి దాన్ని తయారుచేసిన కంపెనీకి రాసేటప్పుడు మాత్రం అందులో ఒక్క వాక్యం కూడా పనికిరాదని నా అభిప్రాయం. అలాగని కోపంగా రాయమనడం లేదు. ఉత్తరానికి బలం ఇంగ్లీషులోంచి రాదు, ఓనరు తెలుగులో రాసుకున్న నోట్సులోంచి వస్తుంది. మనం చేయాల్సిన కష్టమంతా ఆ నోట్సుని సరిగ్గా చదవడంలోనే ఉంది.

మా మావయ్యకి మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లుంది. ఏడాది క్రితం చైనా నుంచి ఒక కలర్ సార్టర్ తెప్పించాడు, హైదరాబాదులోని ఒక ఏజెంటు ద్వారా. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: బియ్యం ఏటవాలు చూట్ల మీద జారుతూ కిందికి పడుతుంటే కెమెరాలు ఒక్కో గింజనీ చూస్తాయి. నల్లగింజో పసుపుగింజో కనబడితే దాని కింద ఉన్న ఎజెక్టర్ ఒక్క క్షణం తెరుచుకుని గాలి కొడుతుంది, ఆ గింజ పక్కకి పోతుంది. ఎజెక్టర్లకి ఎప్పుడు కొట్టాలో కరెంటు పంపేది డ్రైవర్ బోర్డు. ఒక్కో చూట్‌కి ఒక్కో బోర్డు.

మూడో చూట్‌లో నల్లగింజలు మంచి బియ్యంలోకి వచ్చేస్తున్నాయి. మావయ్య అడిగితే ఏజెంటు మొదట “మీ కంప్రెసర్ గాలిలో నీళ్లున్నాయి” అన్నాడు, తర్వాత “మీ వోల్టేజీ బాలేదు” అన్నాడు, చివరికి “వారంటీ అయిపోయింది” అన్నాడు. సరిగ్గా కొత్త వడ్లు దిగే రోజులు. డిసెంబర్ 2న నాకు ఫోన్ చేసి, “ఒరేయ్, గట్టిగా ఇంగ్లీషులో ఒక లెటర్ కొట్టరా, వాళ్లకి భయం పుట్టాలి” అన్నాడు. వెంటనే వాట్సాప్‌లో తన నోటుబుక్కు ఫోటోలు నాలుగు వచ్చాయి.

అందులో ఒక వరుస ఇదీ: “14న బోర్డు మార్చారు. 2లో నల్లగింజలు. 3 బాగుంది.”

దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే “ద బోర్డ్ వజ్ రీప్లేస్డ్” అవుతుంది. గ్రామర్ కరెక్టే, కానీ క్లెయిమ్ అక్కడితో చచ్చిపోతుంది. తెలుగులో “మార్చారు” అంటే ఎవరు మార్చారో చెప్పక్కర్లేదు, క్రియలోనే అందరూ ఇమిడిపోతారు. పైగా కొత్తది వేసినా మార్చడమే, రెండింటినీ అటూఇటూ చేసినా మార్చడమే. అవతల చదివేవాడికి మాత్రం ఆ వాక్యం ఏం చెబుతుంది? ఓనరు ఎవరో లోకల్ ఎలక్ట్రీషియన్ని పిలిచి, మిషను విప్పించి, బయటి బోర్డు వేయించాడని. వారంటీ కాగితంలో మొదటి మినహాయింపు సాధారణంగా అదే: అనుమతి లేకుండా విప్పితే బాధ్యత మాది కాదు.

ఫోన్ చేసి అడిగాను. విప్పింది ఏజెంటు పంపిన సర్వీస్ ఇంజనీరే. కొత్త బోర్డేమీ వేయలేదు. రెండో చూట్ బోర్డు మూడుకీ, మూడోది రెండుకీ వేశాడు. జబ్బు బోర్డుతో పాటే రెండో చూట్‌కి వెళ్లిపోయింది.

మొత్తం కేసు ఈ ఒక్క వరుసలో ఉంది. గాలిలో నీళ్లుంటే, ఒకే పైపు నుంచి అన్ని చూట్లకీ అదే గాలి వెళ్తోంది కదా, మిగతావన్నీ ఎలా బాగున్నాయి? వోల్టేజీదీ అదే సంగతి. మూడో చూట్ ఎజెక్టర్లు పోయాయంటే, వేరే బోర్డు పెట్టగానే అవి ఎందుకు పనిచేశాయి? బోర్డు తప్ప ఇంకేదీ మిగల్లేదు. లెటర్‌లో ఈ వాదన కూడా అక్కర్లేదు. మీ ఏజెంటు ఇంజనీరు నవంబర్ 14న మా మిల్లులో రెండు బోర్డులు అటూఇటూ వేశాడు, లోపం బోర్డుతో పాటు కదిలింది అని రెండు చిన్న వాక్యాలు రాశాను. చదివేవాడికీ ఇంగ్లీషు సొంత భాష కాదు కాబట్టి పొట్టి వాక్యాలే మేలు.

నోట్సులో ఇంకోటి: “రెండు గంటలయ్యాక మొదలవుద్ది. గంట ఆపితే మళ్లీ బాగానే.” ఇక్కడ మన ఇంజనీరింగ్ బుర్ర ఊరుకోదు. వేడెక్కితే వదులుతోందంటే సోల్డర్ జాయింటేనని రాసేయాలనిపిస్తుంది. రాయకూడదు. కారణం చెప్పడం కొన్నవాడి పని కాదు. సోల్డర్ అని రాస్తే, వాళ్లు సోల్డర్ చూసి బాగుందని తేల్చి ఫైలు మూసేస్తారు. మావయ్య రాసినట్టే, కనబడింది మాత్రమే రాశాను. దానికి తోడు ఆయన అరకిలో బియ్యంలో గింజలు లెక్కపెట్టించాడు: లోపం ఉన్న చూట్ నుంచి 41 నల్లగింజలు, పక్కదాంట్లో 3. “చాలా దారుణంగా ఉంది” అనే మాట కన్నా ఆ రెండు అంకెలు గట్టివి.

వారంటీ అయిపోయిందన్న మాటకొస్తే, ఒప్పందంలో ఉన్నది ఇది: మిషను బిగించి నడిపించిన రోజు నుంచి 12 నెలలు, లేదా ఓడకెక్కించిన రోజు నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది. బిగించింది 2024 నవంబర్ 20. అంటే గడువు 2025 నవంబర్ 20. లెటర్ రాసేది డిసెంబర్‌లో. ఏజెంటు ధీమా అదే. కానీ మావయ్య నోట్సులో “అక్టోబర్ 30న వాయిస్ మెసేజ్ పెట్టినా, చూద్దాం సార్ అన్నాడు” అని ఉంది. ఈ “అన్నాడు” బంగారం. ఏజెంటు ఆ జవాబుని టైపు చేసి పంపాడు, ఫోన్‌లో తేదీతో సహా ఉంది. లోపం గడువులోపలే తెలియజేశామని మొదటి పేరాలోనే రాసి, స్క్రీన్‌షాట్‌నీ, ఆ వాయిస్ మెసేజ్‌ని ఇంగ్లీషులో రాసిన కాగితాన్నీ జతచేశాను. మెసేజ్ తెలుగులో ఉంటే ఏం, ఫిర్యాదు ఫిర్యాదే.

చివర అడగాల్సింది. “తగిన చర్య తీసుకోగలరు” అంటే వాళ్లు తీసుకునే చర్య “మేము విచారిస్తున్నాం” అనే మెయిల్ ఒక్కటే. ఏం కావాలో పేరు పెట్టి అడగాలి: ఫలానా పార్ట్ నంబరు బోర్డు ఒకటి, పది పనిదినాల్లో, కొరియర్‌తో పాటు కస్టమ్స్ డ్యూటీ కూడా మీ ఖర్చు. ఈ డ్యూటీ సంగతి చాలామంది మర్చిపోతారు. ఫ్రీగా పంపిన విడిభాగమైనా ఇక్కడి కస్టమ్స్ దానికి ఒక విలువ కట్టి సుంకం అడుగుతుంది. ముందే రాసుకోకపోతే “ఫ్రీ” బోర్డుకి మావయ్యే డబ్బు కట్టాలి. గడువు దాటితే మేమే కొనుక్కుని ఆ ఖర్చు మీ నుంచి రాబట్టుకుంటామని ఒక్క వాక్యం. బెదిరింపు లేదు, “షాక్డ్” లేదు, “చీటింగ్” అసలే లేదు.

మావయ్యకి నచ్చలేదు. “ఇంత మెత్తగానా? ఒక్క తిట్టు కూడా లేదేంట్రా!” అన్నాడు. తిట్టు ఉంటే వాళ్లు తిట్టుకి జవాబిస్తారు మావయ్యా, బోర్డుకి కాదు అన్నాను. సగం ఒప్పుకున్నాడు. ఆయన నోటుబుక్కే లేకపోతే నా ఇంగ్లీషు ఎంత గట్టిదైనా రాయడానికి ఏమీ ఉండేది కాదని ఆయనకి తెలీదు. ప్రతి సాయంత్రం తౌడు లెక్కల పక్కన రెండు వరుసలు రాసుకోవడం ఆయనకి మామూలే.

ఎనిమిదో రోజు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బోర్డు పంపుతాం, డ్యూటీ మాదే, పాత బోర్డు తిరిగి పంపండి అని. మావయ్య వెంటనే ఫోన్ చేశాడు: “పాతది పంపడానికి కొరియర్ డబ్బులు ఎవరివంట? అది రాయలేదే వాళ్లు. ఇంకో లెటర్ కొట్టు.”