సాంచా నుంచి చీరకు

సూరత్‌లో సాంచాలు నడిపే తెలుగు ఇంటి కుర్రాడు ఒకడు యూట్యూబ్ ఛానెల్ పెట్టాడనుకుందాం. (సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్లలోనూ అదే మాట.) లింబాయత్ గల్లీలు, నైట్ షిఫ్టు, మునిసిపాలిటీవాళ్ల తెలుగు మీడియం బడి, పండక్కి ఊరికెళ్లే రైలు, ఇవే వాడి వీడియోలు. చూసేవాళ్లు సూరత్‌లోని మనవాళ్లూ, ఊళ్లో ఉన్న వాళ్ల చుట్టాలూ. ఇరవై వేల మంది సబ్‌స్క్రైబర్లయ్యారు. ఇప్పుడు వాడికి రింగ్ రోడ్డు మార్కెట్ల చీరలు హోల్‌సేల్ ధరకు చూపించాలని ఉంది. డబ్బు అక్కడే ఉంది, తప్పేం లేదు.

ఇలాంటివాళ్లు సాధారణంగా ఒక్క రాత్రిలో మూడు పనులు చేస్తారు. పేరు మారుస్తారు, లోగో మారుస్తారు, పాత వీడియోలు తీసేస్తారు. తెల్లారి చీర వీడియో పెడతారు. నన్నడిగితే ఈ వరస పూర్తిగా తలకిందులు. పేరు మార్చడం ఆఖరి పని.

మొదటి పని, పాత పేరు మీదే ఆరు వారాల్లో ఆరు చీర వీడియోలు పెట్టి చూడటం. మొదటిది నేరుగా ధరలతో మొదలవకూడదు. సాంచా మీద నేసిన పచ్చి గుడ్డ, ఇక్కడ గ్రే అంటారు, డైయింగ్ మిల్లుకు వెళ్లి, రంగూ అచ్చూ పడి, రింగ్ రోడ్డు దుకాణానికి చీరగా ఎలా చేరుతుందో చూపాలి. గుడ్డ నేసినవాడికి అది తన కథ. చీర కొనే ఆవిడకు అది కొత్త సంగతి. ఇద్దరూ కలిసి చూడగల వీడియో అదొక్కటే.

ఆ తర్వాత యూట్యూబ్ స్టూడియోలో చూడాల్సింది మొత్తం వ్యూస్ కాదు, వాటిలో సబ్‌స్క్రైబర్లవి ఎన్ని అన్నది. వాడి పాత వీడియోకు మొదటి రెండు రోజుల్లో నాలుగు వేల వ్యూస్ వచ్చేవనీ, అందులో మూడు వేలు సబ్‌స్క్రైబర్లవేననీ అనుకోండి. చీర వీడియోకూ నాలుగు వేలే వచ్చాయి, కానీ సబ్‌స్క్రైబర్లవి మూడొందలే. పైకి లెక్క ఒక్కటే. నిజానికి పాతవాళ్లు రాలేదు, ఎవరో కొత్తవాళ్లు వచ్చారు. ఒక వీడియోతో తేల్చకూడదు. ఆరింటిలోనూ ఇదే కనిపిస్తే చీరలకు వేరే ఛానెల్ పెట్టుకోవడమే మేలు. అలా కాక సబ్‌స్క్రైబర్ల వ్యూస్ రెండు వేల దగ్గర నిలబడితే, వాళ్లు మీ వెంట వస్తున్నట్టే, ఇక పేరు మార్చవచ్చు.

ఎందుకింత పట్టింపు అంటే, సబ్‌స్క్రైబ్ నొక్కిన ప్రతివాడికీ ప్రతి వీడియో హోమ్ పేజీలో కనబడదు. ఎవరేం చూస్తున్నారో, ఏది వదిలేస్తున్నారో గమనించి యూట్యూబ్ పంచుతుంది. వరసగా నాలుగు చీర వీడియోలు ముట్టుకోని మనిషికి ఐదోది ఎదురుపడే అవకాశం తక్కువ. వాడు మిమ్మల్ని వదిలి వెళ్లలేదు, అంకెలో ఉంటాడు, మనిషిగా ఉండడు. అలిగి అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవాడే నయం, కనీసం లెక్కలో తెలుస్తాడు.

ఇక పేరు. పాత పేరులోని ఒక ముక్క కొత్తదాంట్లో ఉండాలి. మా టీవీని స్టార్ కొన్నది 2015లో, స్టార్ మా అన్న పేరు వచ్చింది 2017లో. రెండేళ్లు ఆగినా ‘మా’ను వదల్లేదు. మన కుర్రాడి ఛానెల్ ‘సూరత్ సాంచా’ అయితే ‘సూరత్ సాంచా చీరలు’ చాలు. పేరు మార్చిన రోజే, ఏం మారుతోందో, పాత రకం వీడియోలు ఇక వస్తాయో రావో రెండు నిమిషాల్లో ముఖం చూపించి చెప్పాలి. ఛానెల్ వివరణలో పాత పేరు కొన్నాళ్లు ఉంచాలి. థంబ్‌నెయిల్ మీద అదే ముఖం, అదే రంగు అక్షరాలు ఉంటే, పేరు చదవనివాళ్లు కూడా గుర్తుపడతారు.

పాత వీడియోలు తీసేయొద్దు. ప్లేలిస్టులో సర్ది పక్కన పెట్టండి. ఆదాయానికి ఇంకా అర్హత రానివాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఏడాదిలో 4,000 గంటల లెక్కలో పబ్లిక్‌గా ఉన్న వీడియోల గంటలే పడతాయి. లక్ష సబ్‌స్క్రైబర్లు దాటి పేరు పక్కన టిక్కు తెచ్చుకున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పేరు మారిస్తే ఆ టిక్కు పోతుంది, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

పేరును 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు. @ గుర్తుతో మొదలయ్యే హ్యాండిల్‌కూ అదే నియమం. హ్యాండిల్ మార్చాక పాతదాన్ని 14 రోజులు మీకోసం ఆపి ఉంచుతారు, తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు. చీరల పార్శిళ్ల మీదా, విజిటింగ్ కార్డుల మీదా పాత హ్యాండిల్ అచ్చు వేయించుకున్నవాళ్లు కొత్త కార్డులు చేతికొచ్చాకే దాన్ని మార్చండి. youtube.com/channel/ తర్వాత UC తో మొదలయ్యే లింకు మాత్రం పేరెన్నిసార్లు మారినా మారదు. క్యూఆర్ కోడ్ చేయించేటప్పుడు ఆ లింకే ఇవ్వండి.