అప్పు తీరింది, వివరాలు మిగిలాయి

లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు తీర్చేశాక, తమ వివరాలన్నీ తుడిచేయమని కంపెనీకి లేఖ రాయాలనుకునేవారు ముందుగా పట్టుకునేది డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 12వ సెక్షన్‌నే. సమ్మతితో ఇచ్చిన సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కు అందులో స్పష్టంగా ఉంది. చిక్కల్లా ఆ హక్కు అమల్లోకి వచ్చే తేదీ దగ్గరే. చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నిబంధనలు వెలువడింది మాత్రం 2025 నవంబరులో. డేటా రక్షణ బోర్డుకు సంబంధించిన సెక్షన్లు వెంటనే అమల్లోకి వచ్చాయి. పౌరుల హక్కులకు, కంపెనీల బాధ్యతలకు ప్రభుత్వం 18 నెలల గడువిచ్చింది. అది తీరేది 2027 మే నెలలో. ఈలోగా 12వ సెక్షన్ ఒక్కదాన్నే నమ్ముకుని రాసిన లేఖను, ఆ నిబంధన ఇంకా అమల్లోకి రాలేదన్న ఒక్క వాక్యంతో కంపెనీ తిప్పికొట్టవచ్చు. అందులో తప్పు పట్టడానికీ ఉండదు.

అయితే డిజిటల్ అప్పుల విషయంలో తుడిచివేత హక్కు అంతకు ముందే వచ్చింది. దాని వెనుక తెలుగు నేల చూసిన విషాదం ఉంది. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఫోన్‌లోని పరిచయస్తుల నంబర్లు లాగి, బంధువులకూ తోటి ఉద్యోగులకూ అప్పు సంగతి చేరవేసి, ఫొటోలు మార్చి పంపి పరువు తీయడమే ఆ యాప్‌ల వసూలు పద్ధతి. హైదరాబాద్ పోలీసుల దాడుల తర్వాత, 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక అధ్యయన బృందాన్ని వేసింది. ఆ ఏడాది తొలి రెండు నెలల్లో యాప్ స్టోర్లను గాలిస్తే సుమారు 1,100 రుణ యాప్‌లు కనిపించాయని, వాటిలో 600 అక్రమమైనవని ఆ బృందం తేల్చింది.

ఆ నివేదిక ఆధారంగా 2022 సెప్టెంబరులో వచ్చిన మార్గదర్శకాలను రిజర్వు బ్యాంకు 2025 మేలో మరింత కట్టుదిట్టమైన ఆదేశాలుగా మార్చింది. ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి యాప్ వెళ్లకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ వంటివి అప్పు ఇచ్చే ముందు ఒక్కసారికే, అదీ రుణగ్రహీత ఒప్పుకుంటేనే. అన్నిటికన్నా ముఖ్యం, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుని, తన వివరాలను తొలగించమని కోరే వీలు రుణగ్రహీతకు ఉండాలి. లేఖకు ఈరోజు బలమిచ్చేది ఈ నిబంధనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో కనిగిరి రిజర్వాయరు కింద వరి వేసే ఓ కౌలు రైతు ఎరువుల కోసం యాప్‌లో 15 వేల రూపాయలు తీసుకుని, కోతలయ్యాక పూర్తిగా కట్టేశాడనుకోండి. ఫోన్‌లో యాప్ తీసేశాడు గనక పని అయిపోయిందని అతను అనుకోవచ్చు. కానీ ఫోన్‌లోంచి పోయింది యాప్ మాత్రమే. కంపెనీ సర్వర్లలోని ఆధార్, పాన్ కాపీలు, సెల్ఫీ, బ్యాంకు స్టేట్‌మెంటు అక్కడే ఉంటాయి.

అతను లేఖ ఎవరికి రాయాలన్నది మొదటి ప్రశ్న. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. ఫోన్‌లో కనిపించే యాప్ పేరు చాలాసార్లు మధ్యవర్తిది. డబ్బు ఇచ్చింది ఏదో బ్యాంకో, బ్యాంకేతర ఆర్థిక సంస్థో అయి ఉంటుంది. రిజర్వు బ్యాంకుకు జవాబుదారీ ఆ సంస్థే. మధ్యవర్తి చేసిన తప్పుకూ అదే బాధ్యత వహించాలి. అప్పు ఇచ్చేటప్పుడు వడ్డీ, ఛార్జీలు చూపుతూ ఇచ్చే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’లో ఫిర్యాదుల అధికారి ఫోను, ఈమెయిలు ఉంటాయి. సంస్థ పేరు, చిరునామా రుణ ఒప్పందంలో దొరుకుతాయి. లేఖ ఆ అధికారికి వెళ్లాలి, దాని నకలు యాప్ సంస్థకు.

లేఖ పొడుగ్గా ఉండనక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: “ఫలానా నంబరు రుణం ఫలానా తేదీన పూర్తిగా తీరింది. నో డ్యూస్ సర్టిఫికెట్ జతచేస్తున్నాను. నా వివరాల వినియోగానికి నేనిచ్చిన సమ్మతిని ఈ లేఖతో ఉపసంహరించుకుంటున్నాను. డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం మీ దగ్గర, మీ తరఫున పనిచేసే యాప్ సంస్థ దగ్గర ఉన్న నా సమాచారాన్ని తొలగించి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలపండి. ఏదైనా ఉంచుకోవలసి వస్తే అది ఏ వివరం, ఏ చట్టం కింద, ఎప్పటివరకు అన్నది విడివిడిగా రాయండి.”

ఆ చివరి వాక్యం లేకపోతే లేఖ సగం వ్యర్థం. ఎందుకంటే ‘అన్నీ తుడిచేయండి’ అన్న కోరికను ఏ రుణ సంస్థా పూర్తిగా తీర్చలేదు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద గుర్తింపు పత్రాలను ఖాతా ముగిశాక కూడా ఐదేళ్లు భద్రపరచాలి. సిబిల్ వంటి సంస్థలకు చేరిన అప్పు చరిత్ర కూడా ఈ లేఖతో చెరిగిపోదు. అది చెరగకపోవడమే మన రైతుకు లాభం, సకాలంలో కట్టాడన్న రికార్డు రేపు బ్యాంకులో పనికొస్తుంది. కానీ ఆ ఐదేళ్ల నిబంధనను చూపి సెల్ఫీ, లొకేషన్, ఫోన్ వివరాలు, ప్రకటనల కోసం పెట్టుకున్న నంబరు అన్నిటినీ ఒకే గాటన కట్టి అట్టిపెట్టుకోవడం కుదరదు. విడివిడిగా అడిగితేనే విడివిడిగా జవాబు వస్తుంది.

నమోదైన ఈమెయిలు నుంచే లేఖ పంపితే మనిషిని గుర్తించడానికి అది చాలు. వివరాలు తీసేయమని అడుగుతూ మళ్లీ ఆధార్ కాపీ జతచేయకూడదు, అది కొత్త కాపీగా వాళ్ల దగ్గర మిగులుతుంది. కాగితం మీద కూడా పంపాలనుకుంటే పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోవాలి. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

ఫిర్యాదు అందాక 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు. రసీదు, ఈమెయిలు తేదీ అక్కడ సాక్ష్యం. ‘తొలగించాం’ అన్న జవాబు వస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. అదే నంబరుతో యాప్‌లో మళ్లీ లాగిన్ అవడానికి ప్రయత్నించాలి. కొత్త మనిషిని అడిగినట్టు మొదటినుంచీ అడిగితే సరే. పేరు, పాన్, పాత అప్పు వాటంతటవే తెరమీద కనిపిస్తే తుడిచింది ఏమీ లేదు. ఆ తెర ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయాలి. లోపల సర్వర్లలో ఏం జరిగిందో మాత్రం బయటి మనిషి చూడలేడు, ఈ పరీక్షకున్న హద్దు అదే.

ఏ లైసెన్సూ లేని అక్రమ యాప్‌ల విషయంలో ఈ లేఖ పనిచేయదు. దాన్ని అందుకునే అధికారే అక్కడ ఉండడు. పైగా పేరు, ఈమెయిలు, సంతకం కొత్తగా వాళ్ల చేతికిచ్చినట్టవుతుంది. అక్కడ వెళ్లవలసింది సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి. అందుకే అప్పు తీసుకునే ముందే ఆ యాప్ వెనక ఏ సంస్థ ఉందో రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని డిజిటల్ రుణ యాప్‌ల జాబితాలో చూసుకోవాలి. 2025 జులై నుంచి అది అందుబాటులో ఉంది.

2027 మే తర్వాత ఈ హక్కు అప్పులను దాటి షాపింగ్, ఆటలు, సోషల్ మీడియా వంటి వాటికీ విస్తరిస్తుంది. ఫిర్యాదులను గరిష్ఠంగా 90 రోజుల్లో పరిష్కరించాలి. కానీ అవే నిబంధనలు వ్యక్తిగత సమాచారాన్నీ దాన్ని వాడిన లాగ్‌లనూ కనీసం ఏడాదిపాటు ఉంచాలని కంపెనీలను ఆదేశిస్తున్నాయి. తుడిచేయమని అడిగే హక్కు ఇస్తూనే ఏడాది అట్టిపెట్టమనడం సరికాదు. దర్యాప్తులకు అవసరమైనది లాగ్ అయితే లాగ్‌నే ఉంచమనాలి, మనిషి వివరాలన్నిటినీ కాదు. 2027 మే లోగా కేంద్రం ఈ ఒక్క నిబంధననైనా సవరించాలి.