ఆకు చూసి తులసి అనకండి, కాండం అడగండి

గత జూన్‌లో మా న్యూజెర్సీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మొక్క ఫొటో వచ్చింది. పెట్టింది కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన ఒక పెద్దావిడ. మేమంతా ఆవిడను పిన్నిగారు అని పిలుస్తాం. ఆసియా సరుకుల దుకాణం బయట చిన్న కుండీల్లో అమ్ముతుంటే కొన్నారట. కుండీకి గుచ్చిన చీటీ మీద ‘థాయ్ హోలీ బేసిల్’ అని ఉంది. ఫొటో కింద ఆవిడ అడిగింది ఒక్కటే: ‘ఇది తులసేనా నాయనా? కోటలో పెట్టుకోవచ్చా?’

పది నిమిషాల్లో జవాబులు వచ్చిపడ్డాయి. కాండం ఊదాగా ఉంది కాబట్టి కృష్ణ తులసేనని ఒకరు తేల్చారు. కాండం నాలుగు పలకలుగా ఉంది, పుదీనా జాతి అని ఇంకొకరు. రుద్రజడ, అదే సబ్జా మొక్క అని మరొకరు. పెరటి తోట పిచ్చి ఉన్నవాడిని కాబట్టి నేనూ ఊరుకోలేదు. ‘కాండం దగ్గరగా తీసి పంపండి పిన్నిగారూ’ అన్నాను. ఆ రాత్రి వంటింటి దీపం కింద తీసి పంపారు. నున్నగా కనిపించింది. ‘ఇది తులసి కాదండీ, థాయ్ బేసిల్. కూరల్లో వేసుకునేది’ అని తీర్పు చెప్పేశాను.

ఆవిడ మొక్కను వంటింటి కిటికీలో పెట్టారు. మర్నాడు కోడలు గుప్పెడు ఆకులు తుంచి నూడుల్స్‌లో వేసింది. రెండు రోజుల తర్వాత పిన్నిగారు పొద్దుటి ఎండలో అదే మొక్కను మళ్ళీ ఫొటో తీసి పంపారు. కాండం పొడవునా తెల్లటి మెత్తటి నూగు మెరుస్తోంది. అది తులసే. తప్పు నాది.

ఆ రోజు నుంచి నాకొక అభిప్రాయం స్థిరపడింది. పైనుంచి తీసిన ఒక్క ఆకు ఫొటో చూసి తులసో కాదో చెప్పడం మనం మానేయాలి. కాండం ఫొటో అడగాలి. అది కూడా సరిగ్గా తీసిందే అడగాలి. అందులో నూగు కనిపించకపోతే ‘నూగు లేదు’ అనకూడదు, ‘కనిపించలేదు’ అనాలి. ఆ రెండు మాటల మధ్య తేడాలోనే నేను బోల్తా పడ్డాను.

మనల్ని ముందుగా మోసం చేసేది రంగు. కృష్ణ తులసికి ఊదా రంగు బాగా రావాలంటే ఎండ కావాలి. ఇక్కడ చలికాలం కిటికీ పక్కన పెంచితే అదే మొక్క పచ్చబడిపోతుంది. మరోపక్క, తులసి కాని థాయ్ బేసిల్‌కు ఎండలో కాండం చక్కటి ఊదా రంగులో ఉంటుంది. ఆకు సైజు కూడా అంతే. వెలుగు చాలని చోట ఆకులు వెడల్పవుతాయి, కణుపుల మధ్య దూరం పెరిగి మొక్క సాగుతుంది. అమ్మమ్మగారింటి కోటలో చూసిన తులసితో పోల్చి ‘ఆకు పెద్దగా ఉంది, కాబట్టి తులసి కాదు’ అనడం అందుకే చెల్లదు.

నాలుగు పలకల కాండం సంగతి. పుదీనాకే కాదు, తులసికి, సబ్జాకు, థాయ్ బేసిల్‌కు, అన్నిటికీ లేత కాండం నాలుగు పలకలుగానే ఉంటుంది. అవన్నీ ఒకే కుటుంబం. కాబట్టి పలకల కాండం ఇంటిపేరు చెబుతుంది గానీ పేరు చెప్పదు. పుదీనాను వేరు చేయడానికి ఆకు కాండానికి అతుక్కున్న చోటు చూడాలి. మనం ఎక్కువగా వాడే పుదీనాలో ఆకుకు కాడ దాదాపు ఉండదు, ఆకు నేరుగా కణుపు మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఈనెలు లోతుగా దిగి ఆకు ముడతలు పడినట్టు కనిపిస్తుంది. మొదలు నుంచి తీగలు మట్టి మీద పాకుతాయి. తులసి ఆకుకు స్పష్టమైన కాడ ఉంటుంది, సెంటీమీటరో ఇంకాస్త ఎక్కువో. అది పాకదు, నిలువుగా పెరిగి కొమ్మలు వేస్తుంది.

ఇక అసలు చిక్కు తులసికీ థాయ్ బేసిల్‌కూ మధ్య. థాయ్‌లాండ్ వంటలో రెండు వేర్వేరు ఆకులు ఉన్నాయి. హొరఫా అనేది సబ్జా జాతిది, ఇక్కడి దుకాణాల్లో ఉత్త ‘థాయ్ బేసిల్’ అని అమ్మేది ఎక్కువగా అదే. కప్రావ్ అనేది ‘హోలీ బేసిల్’. అది శాస్త్రం ప్రకారం మన తులసి జాతే, ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్. మనం కోటలో పెట్టి పూజించే జాతినే అక్కడ వేయించిన మాంసంలో వేస్తారు. పిన్నిగారి కుండీ మీది చీటీలో ‘హోలీ’ అనే ఒక్క మాటే నిజం చెబుతోంది. నేను దాన్ని లెక్కచేయలేదు. అలాగని చీటీని గుడ్డిగా నమ్మడానికీ లేదు. అమెరికాలో ‘కపూర్ తులసి’ పేరుతో అమ్మే విత్తనాలు నిజానికి నిమ్మ వాసన బేసిల్‌కు దగ్గరి మరో జాతివి.

చీటీని పక్కన పెట్టి మొక్కనే అడిగితే, తులసి కాండం మీద పక్కలకు విచ్చుకున్న పొడవాటి మెత్తటి నూగు ఉంటుంది. ఆకు మీద కూడా సన్నటి నూగు ఉండటంతో మెరుపు తక్కువ. అంచున చిన్న పళ్ళు, కొన మరీ సూదిగా ఉండదు. థాయ్ బేసిల్ కాండం దాదాపు నున్నగా ఉంటుంది. ఆకు నిగనిగలాడుతూ కొన సూదిగా సాగుతుంది, అంచు పళ్ళు అంతంతమాత్రం. పూత వస్తే ఇంకా తేలిక. తులసి వెన్ను సన్నగా ఉంటుంది, చిన్న చిన్న పూలు వరసల మధ్య ఎడంగా, పొడవాటి కాడల మీద నిలబడతాయి. థాయ్ బేసిల్ వెన్ను ఊదా రంగులో ఒత్తుగా, బొద్దుగా ఉంటుంది.

మరి పిన్నిగారి మొదటి ఫొటోలో ఆ నూగు ఎక్కడికి పోయింది? సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే నాకు ఇది ముందే తట్టాల్సింది. వెలుగు తక్కువైతే ఫోన్ కెమెరా ఫొటోలోని గరుకును తుడిచి నున్నగా చేస్తుంది. మన ముఖం మీద ముడతలు పోయినట్టే మొక్క మీద నూగూ పోతుంది. ఆ తర్వాత వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. కుదింపులో ముందుగా చచ్చేవి వెంట్రుకంత సన్నటి గీతలే. రెండు వడపోతలు దాటి నా దగ్గరికి వచ్చిన నున్నటి కాండం మొక్కది కాదు, ఫోన్‌ది.

అందుకే ఫొటో తీసే పద్ధతి ముఖ్యం. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్క నుంచి పడుతున్నప్పుడు, కాండం వెనక నల్లటి గుడ్డో చీకటి గోడో ఉండేలా తీయాలి. అప్పుడు నూగు తెల్లగా అంచు కట్టినట్టు మెరుస్తుంది. ఫోన్‌ను మరీ దగ్గరికి తోస్తే మసకబారుతుంది. ఒక జానెడు దూరంలో పట్టుకుని రెండింతలు జూమ్ చేసి, తెర మీద కాండాన్ని వేలితో తాకి తీయాలి. అన్నిటికంటే లేత చిగురును కాదు, పైనుంచి మూడో నాలుగో కణుపు దగ్గర తీయాలి. బేసిల్ చిగుళ్ళకు ఎంతోకొంత నూగు ఉండవచ్చు, అడుగున ముదిరిన కాండం మీద తులసికీ నూగు రాలిపోతుంది. అదే ఫొటోలో ఆకు కాడ కాండానికి కలిసే చోటు కూడా పడితే పుదీనా అనుమానం తీరుతుంది. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ దాన్ని కుదించదు.

ఫొటోలో రానిది వాసన ఒక్కటే. అది మొక్క దగ్గర ఉన్నవాళ్ళే చెప్పాలి. చేతులు కడుక్కుని ఒక ఆకు నలిపి చూసి ఒక్క వాక్యం రాస్తే చాలు. లవంగం ఘాటు వస్తే తులసి వైపు, సోంపు వాసన వస్తే థాయ్ బేసిల్ వైపు మొగ్గుతాను. అయితే తులసిలోనూ రకాన్ని బట్టి వాసన మారుతుంది కాబట్టి దాని మీద ఒక్కదాని మీదే తీర్పు చెప్పను.

‘ఇంత చాదస్తం ఎందుకు? భక్తితో పెట్టుకుంటే ఏ మొక్కైనా తులసే’ అని గ్రూపులో ఒక అన్నయ్య అన్నారు. పూజ వరకు ఆ మాటతో నాకు పేచీ లేదు, అది ఎవరి మనసు వారిది. కానీ అదే గ్రూపులో అడవి దారి పక్కన కనిపించిన ఆకు ఫొటో పెట్టి ‘ఇది అడవి పుదీనాయేనా, పచ్చడి చేసుకోవచ్చా’ అని అడిగేవాళ్ళూ ఉన్నారు. మన తూర్పు రాష్ట్రాల నీడ ప్రాంతాల్లో వైట్ స్నేక్‌రూట్ అనే మొక్క పెరుగుతుంది. ఎదురెదురు ఆకులు, అంచున పళ్ళు, ఫొటోలో పుదీనా చుట్టమే అనిపిస్తుంది. అది విషం. దాన్ని మేసిన ఆవుల పాలు తాగి పూర్వం ఇక్కడ ఎందరో చనిపోయారు. 1818లో అబ్రహాం లింకన్ తల్లి పోయింది ఆ జబ్బుతోనే అని చెబుతారు. దాని కాండం గుండ్రంగా ఉంటుంది, పుదీనా వాసన రాదు. పైనుంచి తీసిన ఆకు ఫొటోలో ఈ రెండూ కనిపించవు. కాండం గుండ్రంగా ఉంటే పుదీనా కాదని చెప్పవచ్చు. నాలుగు పలకలుగా ఉన్నంత మాత్రాన తినవచ్చని చెప్పలేం, దురద పుట్టించే నెటిల్‌కూ పలకల కాండమే. తినే విషయంలో ఎంత మంచి ఫొటో వచ్చినా నా జవాబు ఒకటే: తినకండి.

కాబట్టి మన గ్రూపుల్లో ఒక చిన్న కట్టుబాటు పెట్టుకుందాం. పక్క వెలుతురులో తీసిన కాండం, కాడతో సహా ఒక ఆకు, పూత ఉంటే ఒక వెన్ను, వాసన గురించి ఒక వాక్యం. ఇవి వచ్చేదాకా ఎవరూ పేరు చెప్పొద్దు. వచ్చాక కూడా తేలకపోతే ‘తెలియడం లేదండీ’ అనడం నామోషీ కాదు.

పిన్నిగారికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ‘పోనీలే నాయనా, తెలిసి చేసింది కాదుగా’ అన్నారు. తుంచగా మిగిలిన కొమ్మల్లో ఒకటి కోసి గ్లాసు నీళ్ళలో పెట్టారు. వేళ్ళు వచ్చాక మంచి రోజు చూసి కోటలో నాటారు. ఆ రోజు గ్రూపులో ఫొటో పెట్టారు. ఎండకు ఎదురుగా, వెనక నల్లటి శాలువా పట్టుకుని తీశారు. నూగు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉంది.