కమిటీ గడపలో కరిగిపోయే 60 రోజులు

గర్భవతినని చెప్పగానే మేనేజరు మాట తీరు మారిపోతుంది. ఈ ప్రాజెక్టు నీ వల్ల కాదంటారు, ప్రతి చిన్న తప్పుకూ నలుగురిలో నిలదీస్తారు. చివరికి ఉద్యోగం తీసేస్తున్నామని ఉత్తరం ఇస్తారు. బాధితురాలు వెళ్లేది ఎక్కువగా ఆఫీసులో తనకు తెలిసిన ఒకే ఒక్క చోటికి, అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీకి. ఆమె హక్కు చేజారడం అక్కడే మొదలవుతుంది.

2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఈ కమిటీ ఉండాలి. కానీ అది విచారించేది లైంగిక వేధింపులనే. గర్భం వల్ల పని తగ్గిందన్న ఈసడింపు ఎంత క్రూరమైనదైనా, అందులో లైంగిక స్వభావం లేకపోతే కమిటీ చేతులెత్తేస్తుంది. గర్భవతిని ఆ కారణంతో తొలగించడాన్ని నిషేధించింది ప్రసూతి చట్టం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ రక్షణను కొనసాగించింది. తొలగింపు ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా ప్రభుత్వం నియమించిన అధికారికి అప్పీలు చేసుకోవాలి.

ఒక ఉద్యోగినికి మార్చి 1న ఉత్తరం అందిందనుకుందాం. ఆమె మార్చి 10న కమిటీకి ఫిర్యాదు చేసింది. విచారణకు చట్టం 90 రోజులిచ్చింది కాబట్టి జూన్ 8 దాకా సాగవచ్చు. అప్పుడు ఇది మా పరిధిలోకి రాదని చెబితే, అప్పీలు గడువు ఏప్రిల్ 30నే ముగిసిపోయింది. ఆమె ఆలస్యం చేయలేదు, సరైన గడప ఏదో ఎవరూ చెప్పలేదంతే. పరిధి విషయం వారంలోగా రాసివ్వాలన్న నిబంధన కమిటీలకు ఉండాలి. అక్కడ గడిచిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయించాలి. అప్పటిదాకా, లైంగిక వేధింపు కూడా జరిగి ఉంటే రెండు చోట్లా ఒకేసారి ఫిర్యాదు చేయడమే క్షేమం. కమిటీకి వెళ్లేందుకు మూడు నెలల గడువుంది.

యాజమాన్యాలు ఇంత దూరం ఎందుకు వెళ్తాయి? ఈఎస్ఐ పరిధిలో లేని ఉద్యోగినికి 26 వారాల జీతం యజమానే భరించాలి. నెలకు 40 వేలు జీతమైతే అది దాదాపు 2 లక్షల 40 వేలు. ఈ భారాన్ని సామాజిక బీమాకు మార్చనంత కాలం గర్భవతిని ఖర్చుగా చూసే బుద్ధి పోదని నా నమ్మకం. అలాగని కాంట్రాక్టు ముగిసిందనే సాకు చెల్లదు. ఢిల్లీలోని ఒక ఆసుపత్రి, కాంట్రాక్టు డాక్టరుకు ఒప్పందంలో మిగిలిన 11 రోజులకే ప్రసూతి ప్రయోజనం వర్తిస్తుందని వాదించింది. ఒప్పందం గడువు దాటినా పూర్తి ప్రయోజనం చెల్లించాల్సిందేనని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

అందుకే కొందరు యజమానులు తొలగింపు ఉత్తరానికి బదులు రాజీనామా అడుగుతారు. రాజీనామా ఇచ్చాక తొలగించారని నిరూపించడం చాలా కష్టం. ఒత్తిడి పెట్టినరోజే, నేను రాజీనామా చేయడం లేదు, ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు కోరుతున్నాను అని సంస్థకు ఈమెయిల్ పంపి, ఆ ప్రతిని సొంత మెయిల్‌కు కూడా పంపుకోవాలి.