మోకాలి బరువు పిరుదుకూ పంచండి

కోరుకొండ నరసింహస్వామి కొండ మెట్లు ఎక్కి దిగినవాళ్లు మోకాళ్లను తిట్టుకుంటారు. నేనైతే ఎక్కిన తీరునే తప్పుపడతాను. ఇంటి మెట్టులాంటి పొట్టి మెట్టు మీద మోకాలిని చాపే తొడ ముందు కండరానిదే పెద్ద వాటా. మెట్టు ఎత్తు పెరిగేకొద్దీ తుంటి బాగా ముడుచుకుంటుంది, దాన్ని చాపడానికి పిరుదు కండరం గట్టిగా పనిలోకి దిగాలి. ఒంటిని నిటారుగా బిగబట్టి ఎక్కితే బరువు మోకాలికి వెనకే ఉండిపోతుంది. తొడ త్వరగా అలిసిపోతుంది, మోకాలిచిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. పాదమంతా మెట్టుకు ఆనించి, వెన్ను వంచకుండా తుంటి దగ్గర కాస్త ముందుకు వాలితే పిరుదు తన వాటా మోస్తుంది. దిగేటప్పుడు ఈ పంపకం అంతగా కుదరదు, ఒంటిని ఆపుతూ దించేది ప్రధానంగా తొడ కండరమే. అందుకే దాని సత్తువను ఎక్కేటప్పుడే ఆదా చేసుకోండి.