పెరిగింది మద్దతు ధరా, బొమ్మా?

మార్కెట్ యార్డు గేటుకు కట్టిన ఒక ఫ్లెక్సీ ముందు మొన్న మేము చాలాసేపు నిలబడ్డాం. సాధారణ రకం వరి మద్దతు ధర మీద రెండు స్తంభాల బార్ చార్టు వేశారు. ఒకటి 2024-25ది, రెండోది 2025-26ది. రెండో స్తంభం మొదటిదానికి రెండింతల పైనే ఉంది. పక్కనున్న రైతు "ఇంత పెంచారా అన్నా!" అని నోరెళ్లబెట్టాడు.

పెంచింది క్వింటాలుకు 69 రూపాయలు. 2,300 కాస్తా 2,369 అయింది. అంటే నూటికి మూడు రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్లు అమ్మిన రైతుకు అదనంగా దక్కేది 1,725 రూపాయలు.

ఫ్లెక్సీ మీది అంకెల్లో అబద్ధం లేదు. మోసమంతా ఎడమవైపు నిలువు గీత అడుగున ఉంది. అక్కడ సున్నా ఉండాల్సిన చోట సన్నటి అక్షరాలతో 2,250 అని వేశారు. ఆ కింది భాగమంతా నరికేశాక మొదటి స్తంభానికి మిగిలింది 50, రెండోదానికి 119. గోడ వెనక నిలబడ్డ ఇద్దరి తలలు మాత్రమే చూపించి, ఒకడు ఇంకొకడికి రెండింతల పొడుగు అన్నట్టుంది ఈ లెక్క.

ఇంట్లో పిల్లల స్కేలు తీసుకుని వంద రూపాయలకు ఒక సెంటీమీటరు చొప్పున సున్నా నుంచి గీసి చూడండి. ఒకటి 23 సెంటీమీటర్లు, రెండోది దాదాపు 23.7. తేడా ఏడు మిల్లీమీటర్లు. స్తంభాన్ని కన్ను పొడవుతోనే కొలుస్తుంది, అందుకే దాని అడుగు కోయకూడదు.

"సున్నా నుంచి గీస్తే పెరుగుదల కనపడదు కదా" అంటారు. సరే, పెరుగుదలనే గీయండి, సున్నా నుంచే. 2022-23లో పెంచింది 100 రూపాయలు, తర్వాతి ఏడు 143, ఆ పైన 117, 2025-26లో 69. ఈ నాలుగు స్తంభాలు పక్కపక్కన నిలబెడితే చివరిదే అన్నిటికన్నా పొట్టిది. ఆ బొమ్మ ఫ్లెక్సీ మీద ఎందుకు వేయలేదో వేరే చెప్పాలా?

సున్నా లేని బొమ్మలన్నీ దొంగవని మేము అనడం లేదు. యార్డులో రోజువారీ మిర్చి ధరను చుక్కలు కలిపిన గీతగా వేస్తే, మనం చూసేది పొడవు కాదు, ఎక్కడం దిగడం. అది సున్నా నుంచి మొదలవ్వక్కర్లేదు. ఆసుపత్రిలో జ్వరం చార్టు కూడా సున్నా నుంచి గీయరు. కాకపోతే ఏ అంకె నుంచి మొదలైందో పెద్దగా కనపడాలి. రెండు యార్డుల గీతలు పక్కపక్కన పెడితే రెండింటికీ ఒకే కొలత ఉండాలి. లేదంటే అక్కడా పది రూపాయల ఒడిదుడుకును కొండంత చేయొచ్చు.

ఇంకో మాట దాచడం మంచిది కాదు. ఎరువుల ధరల మీద మా సంఘం వేసిన గోడపత్రికలోనూ స్తంభాల అడుగు నరికే ఉంది. ధర నిజంగానే పెరిగింది, మేము దాన్ని ఇంకాస్త సాగదీశాం. ఆ పత్రికలు తీయించేశాం, సున్నా నుంచి మళ్లీ గీస్తున్నాం.