పనికి మనిషి ఉన్నాడు.. సంతకానికి?

గుంటూరులో ఒక మేడ. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, కొడుకు డాలస్‌లో. బోరు మోటారు గుర్రుమంటోంది, తిరగడం లేదు. నెలనెలా చందా కట్టించుకునే సేవా సంస్థకు ఫోన్ చేస్తే గంటలో మనిషి వచ్చాడు. వైండింగ్ కాలిపోయింది, కొత్త మోటారు వేయాలన్నాడు. కొడుకు అక్కడి నుంచే డబ్బు పంపేవాడే. ఈలోగా వీధి చివరి ఎలక్ట్రీషియన్ వచ్చి స్టార్టర్ పెట్టె విప్పి, ఉబ్బిపోయిన కెపాసిటర్‌ని చూపించాడు. అది మార్చగానే నీళ్లెక్కాయి.

వచ్చినవాడు మోసగాడే అయివుండక్కర్లేదు. చందాలో రాకపోకల ఖర్చే ఉంటుంది, సామానుకు వేరే బిల్లు. ఆ బిల్లు సరైనదో కాదో తేల్చే మనిషి ఇంట్లో లేడు, అంతే. తీసేసిన పాత సామాను ఇంట్లోనే ఉంచి వెళ్లాలని ముందే షరతు పెట్టుకుంటే సగం తగాదా తీరుతుంది.

అసలు చిక్కు మరమ్మతుల్లో లేదు. అదే ఇంట్లో అమ్మ రాత్రి పదకొండింటికి బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. సంస్థ మనిషి అంబులెన్స్ తెచ్చాడు, ఆస్పత్రిలో చేర్చాడు. అక్కడ ఆగిపోయింది. "పేషెంటు తాలూకు ఎవరు? ఆపరేషన్‌కు సంతకం పెట్టాలి" అన్నారు. జీతగాడు ఎలా పెడతాడు? నిజానికి స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగల రోగి సంతకమే కావాలి. పెద్దవాళ్ల విషయంలో బంధువుల అంగీకారం దానికి బదులు కాదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. ఆ సంగతి గట్టిగా చెప్పి అమ్మచేతే సంతకం పెట్టించమనే మనిషి పక్కన ఉండాలి. సంస్థలు అమ్ముతున్నది పనిచేసే చేతుల్ని, మాట్లాడే హక్కున్న మనిషిని కాదు.

మతిమరుపు ముదిరితే ఇంకా కష్టం. జనరల్ పవర్ రాయించుకున్నాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన వ్యక్తికి మతిస్థిమితం తప్పితే ఆ అధికారం కూడా రద్దవుతుంది. అంటే సరిగ్గా అవసరమైన నాటికే కాగితం చెల్లదు. నాన్న ఒక్కరి పేరే ఉన్న ఖాతాలోని డబ్బు నాన్న వైద్యానికే అందదు. సంరక్షకుణ్ని నియమించమని కోర్టుకెక్కాల్సి వస్తుంది. పెన్షన్ ఆ ఖాతాలోనే పడుతూ ఉంటుంది, అటెండరుకు జీతం మాత్రం డాలస్ నుంచి రావాలి.

దీనికి విరుగుడు ఏ యాప్‌లోనూ లేదు. ఇక్కడి పెద్దవాళ్ల ఖాతాలో విదేశాల్లో ఉన్న కొడుకునో కూతురినో 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిన చేర్చడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. నాన్న తన చేత్తో సంతకం పెట్టగలిగినన్నాళ్లే అది కుదురుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక పూట బ్యాంకుకు కేటాయించండి.